ఆంగ్ల భూతకాల వాక్యాల హిందీ అనువాదంలో 'నే' ప్రయోగం: తెలుగు విద్యార్థి దృష్ట్యా ఒక విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

హిందీలో కర్తకు చేరే 'నే' అనే విభక్తి చిహ్నాన్ని "భూతకాలంలో, సకర్మక క్రియ ఉన్నప్పుడు వాడాలి" అనే సూత్రంతో బోధించడం పరిపాటి. ఆంగ్లం నుండి అనువదించే తెలుగు విద్యార్థికి ఈ సూత్రం చాలదనీ, కొన్ని చోట్ల అదే దోషాలకు కారణమవుతోందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'నే' ఉండాలా వద్దా అన్నది ఆంగ్ల వాక్యంలోని కాలాన్ని బట్టి గాని, ఆంగ్ల క్రియను బట్టి గాని తేలదు. అనువాదకుడు ఎంచుకున్న హిందీ క్రియారూపమే దాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి కర్తతో మొదలుపెట్టకుండా క్రియతో మొదలుపెట్టే అనువాద క్రమాన్ని ఈ వ్యాసం ఉదాహరణలతో వివరిస్తుంది.

కీలక పదాలు: హిందీ వ్యాకరణం, 'నే' ప్రయోగం, అనువాదం, అన్వయం, దక్ఖినీ, తెలుగు విద్యార్థులు.

1. ఉపోద్ఘాతం

వరంగల్ నుండి ఖమ్మం వెళ్లే దారిలో ఉన్న తొర్రూరు 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇటువంటి పట్టణంలో తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థికి హిందీ ఆరో తరగతిలో ద్వితీయభాషగా పరిచయమవుతుంది. అతని ఇంటిభాష తెలుగు. బజారులో, బస్సులో అతని చెవిన పడే హిందుస్తానీ చాలావరకు దక్ఖినీ. అనువాద అభ్యాసంలో అతని ముందుండే మూలవాక్యం ఆంగ్లం. పరీక్షలో అతని నుండి ఆశించేది ప్రామాణిక హిందీ. ఈ నాలుగింటిలో కర్తకు 'నే' చేర్చే నియమం స్థిరంగా ఉన్నది చివరి దానిలో మాత్రమే.

తెలుగులో "రాము రొట్టె తిన్నాడు", "లక్ష్మి రొట్టె తిన్నది" అన్నప్పుడు క్రియ కర్తను అనుసరిస్తుంది. తిన్న వస్తువు ఏదైనా క్రియారూపం మారదు. ఆంగ్లంలో భూతకాల క్రియ కర్తనూ కర్మనూ రెండింటినీ పట్టించుకోదు. హైదరాబాదు దక్ఖినీలో "మైఁ రోటీ ఖాయా" వంటి వాక్యం సహజం. అందులో 'నే' లేదు, క్రియ కర్తతోనే అన్వయిస్తుంది. అంటే ఆ పలుకుబడి తెలుగు వాక్య పద్ధతికే దగ్గరగా నిలుస్తుంది. అందువల్ల తొర్రూరు విద్యార్థి "రామూ రోటీ ఖాయా" అని రాసినప్పుడు అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. తనకు తెలిసిన రెండు భాషలూ చూపిన దారినే అతడు నడిచాడు. ప్రామాణిక హిందీలో అది "రామూ నే రోటీ ఖాయీ" కావాలి. కర్తకు 'నే' చేరాలి, క్రియ స్త్రీలింగమైన 'రోటీ'ని అనుసరించాలి. ఈ రెండు మార్పులూ విడివిడివి కావు. మొదటిది జరిగితే రెండోది జరిగి తీరాలి.

2. ప్రచలిత సూత్రంలోని లోపం

"భూతకాలం, సకర్మక క్రియ" అనే సూత్రంలో రెండు మాటలున్నాయి. రెండూ అనువాదకుని పక్కదారి పట్టించగలవు. మొదట 'భూతకాలం' సంగతి చూద్దాం.

ఆంగ్లంలో "షి రోట్ లెటర్స్" అనే వాక్యానికి సందర్భాన్ని బట్టి రెండు అర్థాలుంటాయి. ఒకసారి జరిగి ముగిసిన పని ఒకటి, అప్పట్లో అలవాటుగా సాగిన పని మరొకటి. తెలుగులో ఈ భేదం "రాసింది", "రాసేది" అనే రూపాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. హిందీలో కూడా అది తప్పనిసరి. "ఉస్‌నే చిట్ఠియాఁ లిఖీఁ" అంటే రాసి ముగించింది. "వహ్ చిట్ఠియాఁ లిఖ్‌తీ థీ" అంటే రాస్తూ ఉండేది. రెండో వాక్యం భూతకాలమే, క్రియ సకర్మకమే, కర్మ ఎదురుగానే ఉంది. అయినా 'నే' రాదు. "వహ్ చిట్ఠీ లిఖ్ రహీ థీ" అన్నప్పుడు కూడా రాదు. సూత్రాన్ని అక్షరాలా పాటించే విద్యార్థి "ఉస్‌నే లిఖ్‌తీ థీ" అని రాసే ప్రమాదం ఇక్కడే ఉంది.

మరోవైపు "షి హాజ్ రిటెన్ ఎ లెటర్" అన్నది ఆంగ్ల వ్యాకరణంలో వర్తమానకాల భేదం. హిందీలో మాత్రం "ఉస్‌నే చిట్ఠీ లిఖీ హై" అని 'నే' వచ్చి తీరాలి. "ఆమె ఉత్తరం రాసి ఉంటుంది" అనే ఊహను చెప్పే "ఉస్‌నే చిట్ఠీ లిఖీ హోగీ" అనే వాక్యంలోనూ అంతే. కాబట్టి 'భూతకాలం' అనే మాట అవసరమైన దానికంటే ఒకచోట ఎక్కువను, మరొకచోట తక్కువను పట్టుకుంటోంది. 'నే'ను కోరేది కాలం కాదు. పని పూర్తయినట్లు సూచించే 'లిఖా, లిఖే, లిఖీ, లిఖీఁ' వంటి కృదంత రూపం. దాని పక్కన 'హై', 'థా', 'హోగా' ఏది ఉన్నా, ఏదీ లేకపోయినా 'నే' విషయంలో మార్పు ఉండదు. 'తా, తే, తీ' రూపం గాని 'రహా, రహే, రహీ' గాని వస్తే 'నే'కు తావు లేదు.

ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక సౌలభ్యం ఉంది. ఆంగ్ల వాక్యాన్ని మనసులో ముందు తెలుగు చేసుకుంటే "రాసింది", "రాసేది", "రాస్తోంది" అనే భేదం తానుగా బయటపడుతుంది. మొదటి రూపం వచ్చిన చోటనే 'నే' గురించి ఆలోచించవలసి ఉంటుంది.

3. సకర్మకత ఎవరిది?

సూత్రంలోని రెండో మాట 'సకర్మక క్రియ'. ఏ భాషలో సకర్మకం అన్న ప్రశ్నను సూత్రం అడగదు. అనువాద దోషాల్లో ఎక్కువ చిక్కు తెచ్చేది ఈ అస్పష్టతే.

"హి వెయిటెడ్ ఫర్ మీ" అన్న ఆంగ్ల వాక్యంలో క్రియకు నేరుగా కర్మ లేదు. హిందీలో ఆ భావానికి సహజమైన రూపం 'ఇంత్‌జార్ కర్‌నా'. అక్కడ 'కర్‌నా' సకర్మకం. అందువల్ల "ఉస్‌నే మేరా ఇంత్‌జార్ కియా" అవుతుంది. "షి ట్రైడ్ టు గో" అన్నది "ఉస్‌నే జానే కీ కోశిశ్ కీ" అవుతుంది. వెళ్లడం అకర్మకమే గాని వాక్యాన్ని నడిపే క్రియ 'కోశిశ్ కర్‌నా'. 'కోశిశ్' స్త్రీలింగం కాబట్టి 'కీ'. ప్రయత్నించినది పురుషుడైనా ఇదే రూపం.

దీనికి విలోమంగా "ఐ మెట్ రామ్" అనే వాక్యంలో ఆంగ్ల క్రియ సకర్మకం. హిందీలో 'మిల్‌నా' అకర్మకం. కాబట్టి "మైఁ రామ్ సే మిలా". అదే 'మిల్‌నా' దొరకడం, అందడం అనే అర్థంలో వస్తే కర్త స్థానంలోని వ్యక్తికి 'కో' చేరుతుంది. "ఐ గాట్ ఎ లెటర్" అన్నది "ముఝే చిట్ఠీ మిలీ" అవుతుంది. "నాకు ఉత్తరం అందింది" అనే తెలుగు వాక్యంతో ఇది ఇంచుమించు అచ్చుగుద్దినట్లు సరిపోతుంది. "ఐ లైక్డ్ ద బుక్" అన్నదీ ఇలాంటిదే. "నాకు పుస్తకం నచ్చింది" అన్నట్లుగా "ముఝే కితాబ్ పసంద్ ఆయీ" అవుతుంది. ఆంగ్లం మీద మాత్రమే దృష్టి పెట్టిన విద్యార్థి ఇక్కడ "మైఁనే కితాబ్ పసంద్ కీ" అని రాస్తే అది వ్యాకరణ దోషం కాదు. అర్థం మాత్రం "నేను పుస్తకాన్ని ఎంచుకున్నాను" అనే వైపు జరుగుతుంది.

'సెడ్' అనే ఆంగ్ల క్రియ విషయంలో ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. 'కహ్‌నా' ఎంచుకుంటే "ఉస్‌నే కహా". 'బోల్‌నా' ఎంచుకుంటే "వహ్ బోలా". మూలవాక్యం ఒకటే, కాలం ఒకటే, భావం ఒకటే. మారినది హిందీ క్రియ మాత్రమే. దానితోపాటే 'నే' వచ్చింది లేదా పోయింది. కాబట్టి ఆంగ్ల వాక్యాన్ని చూసి 'నే' నిర్ణయించడం సాధ్యం కాదు. హిందీ క్రియ ఖరారయ్యేదాకా ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

హిందీలోనే సకర్మకాలై ఉండి 'నే'ను స్వీకరించనివి కొన్ని ఉన్నాయి. అనువాదంలో తరచుగా ఎదురయ్యేవి 'లానా', 'భూల్‌నా', 'బోల్‌నా'. "వహ్ కితాబ్ లాయా", "వహ్ పతా భూలీ" అన్నవే సాధువులు. 'లానా' అన్నది తీసుకొని రావడం. 'లే' మీద 'ఆనా' చేరగా ఏర్పడిన రూపమని వివరిస్తారు. చివరన ఉన్న 'ఆనా' అకర్మకం కాబట్టి 'నే' రాలేదని గుర్తుంచుకోవడం తేలిక. ఎదురు కోవలో 'ఛీంక్‌నా', 'ఖాఁస్‌నా' ఉన్నాయి. తుమ్మడానికి, దగ్గడానికి కర్మ ఉండదు. అయినా "ఉస్‌నే ఛీంకా", "ఉస్‌నే ఖాఁసా" అనే అంటారు.

4. తోడు క్రియలు

హిందీలో ఒక పనిని చెప్పడానికి రెండు క్రియలు జతగా రావడం అతి సాధారణం. ఇక్కడ ప్రధాన క్రియ సకర్మకమైనంత మాత్రాన చాలదు. "ఉస్‌నే చిట్ఠీ పఢ్ లీ" అన్నప్పుడు 'పఢ్‌నా', 'లేనా' రెండూ 'నే'ను కోరేవే. అందుచేత 'నే' వచ్చింది. "వహ్ సారీ రోటియాఁ ఖా గయా" అన్నప్పుడు 'ఖానా' సకర్మకమే గాని తోడు వచ్చిన 'జానా' అకర్మకం. 'నే' పోయింది, క్రియ కర్తతో అన్వయించింది. "వహ్ చల్ దియా" అన్నప్పుడు 'దేనా' సకర్మకమైనా 'చల్‌నా' అకర్మకం. ఇక్కడా 'నే' లేదు. రెండు క్రియలూ 'నే'ను అంగీకరించేవైతేనే 'నే' వస్తుందనీ, ఏ ఒక్కటి నిరాకరించినా రాదనీ చెప్పుకోవడం విద్యార్థికి నమ్మదగిన మార్గం.

'సక్‌నా', 'చుక్‌నా', 'లగ్‌నా' ఎప్పుడూ నిరాకరించేవే. "వహ్ చిట్ఠీ లిఖ్ సకీ", "వహ్ చిట్ఠీ లిఖ్ చుకీ థీ", "వహ్ చిట్ఠీ లిఖ్‌నే లగీ" అన్నవి ఉదాహరణలు. "షి బిగాన్ టు రైట్" అన్న ఆంగ్ల వాక్యానికి 'లగ్‌నా'కు బదులు 'శురూ కర్‌నా' ఎంచుకుంటే "ఉస్‌నే లిఖ్‌నా శురూ కియా" అవుతుంది. మళ్లీ అదే సూత్రం. ఎంపిక ముందు, 'నే' తరువాత.

'కర్'తో ముగిసే అసమాపక క్రియ మాత్రం ఈ లెక్కలోకి రాదు. "ఇంటికి వచ్చి అన్నం తింది" అనే తెలుగు వాక్యంలో కర్త రూపాన్ని చివరి సమాపక క్రియ నిర్ణయించినట్లే హిందీలోనూ నిర్ణయిస్తుంది. "ఉస్‌నే ఘర్ ఆకర్ ఖానా ఖాయా" అన్నప్పుడు ముగింపు 'ఖాయా' కాబట్టి 'నే' ఉంది. "వహ్ ఖానా ఖాకర్ సోయీ" అన్నప్పుడు తినడం సకర్మకమే అయినా ముగింపు 'సోయీ' కాబట్టి 'నే' లేదు.

5. అన్వయం: సగం సరిదిద్దిన తప్పు

'నే' చేర్చడం నేర్చుకున్న తరువాత కూడా తెలుగు విద్యార్థి రాతలో మిగిలే దోషం ఒకటుంది. "లక్ష్మీ నే ఖత్ లిఖీ" అని రాయడం. 'ఖత్' పుంలింగం కాబట్టి 'లిఖా' కావాలి. "లక్ష్మి రాసింది" అనే తెలుగు అన్వయం ఇక్కడ చాటుగా పనిచేసింది. విభక్తి మారింది, అన్వయం మారలేదు.

కామతా ప్రసాద్ గురు తన 'హిందీ వ్యాకరణ్' గ్రంథంలో కర్తరి, కర్మణి, భావే అని చూపిన మూడు ప్రయోగాలు ఇక్కడ ఉపకరిస్తాయి. క్రియ కర్తను అనుసరిస్తే కర్తరి. 'నే' ఉండి కర్మకు 'కో' లేకపోతే క్రియ కర్మను అనుసరిస్తుంది, అది కర్మణి. కర్తకు 'నే', కర్మకు 'కో' రెండూ ఉంటే క్రియ ఎవరినీ అనుసరించక పుంలింగ ఏకవచనంలో నిలిచిపోతుంది, అది భావే. "సరితా నే బహన్ కో బులాయా" అన్న వాక్యంలో పిలిచినదీ స్త్రీయే, పిలువబడినదీ స్త్రీయే. అయినా 'బులాయీ' కాదు, 'బులాయా'. తెలుగు వారికి మూడు ప్రయోగాల్లో ఇదే అత్యంత అపరిచితం.

సంస్కృతం చదివిన వారికి "బాలకేన పత్రం లిఖితమ్" వంటి వాక్యాలు గుర్తుకు రావడం సహజం. క్రియ కర్మను అనుసరించడానికి మూలం ఆ కృదంత ప్రయోగంలోనే ఉంది. అంతమాత్రాన నేటి హిందీ వాక్యాన్ని కర్మణి వాక్యంగా అర్థం చేసుకోకూడదు. "సరితా నే అప్‌నీ చిట్ఠీ పఢీ" అన్నప్పుడు 'అప్‌నీ' సరితనే సూచిస్తుంది. వాక్యంలో ఆమె కర్తృత్వం చెక్కుచెదరలేదు. ఆంగ్లంలోని కర్మణి వాక్యాన్ని 'నే'తో అనువదించడం అందువల్లనే పొరపాటు. "ద లెటర్ వాజ్ రిటెన్" అన్నది "చిట్ఠీ లిఖీ గయీ" అవుతుంది.

రాసిన వాక్యం సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక సులభ పరీక్ష ఉంది. కర్త లింగాన్ని మార్చి చూడాలి. "లడ్‌కే నే రోటీ ఖాయీ", "లడ్‌కీ నే రోటీ ఖాయీ" అన్నప్పుడు క్రియ కదలలేదు. 'నే' ఉన్న వాక్యంలో కర్త మారినందుకు క్రియ మారిందంటే దోషం ఉన్నట్లే. 'నే' లేని వాక్యంలో కర్త మారినా క్రియ మారకపోతే అక్కడా అనుమానించవలసిందే.

6. ఒక అభ్యాసం

పై విషయాలు ఒకే చోట ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి తొర్రూరు నేపథ్యంతో కల్పించిన ఒక చిన్న ఆంగ్ల భాగాన్ని పరిశీలించవచ్చు. ప్రతి వాక్యంలోనూ మూలక్రియ సాధారణ భూతకాలంలోనే ఉంది.

మొదటి వాక్యం: "సరిత రోట్ టు హర్ గ్రాండ్‌మదర్ ఎవ్రీ సండే." 'ప్రతి ఆదివారం' అన్న మాట వల్ల ఇది "రాసేది" అవుతుంది. కాబట్టి "సరితా హర్ ఇత్‌వార్ కో అప్‌నీ దాదీ కో చిట్ఠీ లిఖ్‌తీ థీ". 'నే' ప్రశ్నే రాదు.

రెండవది: "లాస్ట్ సండే షి రోట్ టూ లెటర్స్." ఇది ముగిసిన పని. 'లిఖ్‌నా' 'నే'ను కోరుతుంది. 'చిట్ఠియాఁ' స్త్రీలింగ బహువచనం. "పిఛ్‌లే ఇత్‌వార్ కో ఉస్‌నే దో చిట్ఠియాఁ లిఖీఁ". మొదటి వాక్యంలోని అదే 'రోట్' ఇక్కడ పూర్తిగా వేరైన నిర్మాణాన్ని తెచ్చింది.

మూడవది: "షి ఫర్‌గాట్ ది అడ్రస్." ముగిసిన పనే, కర్మ ఉన్నదే. ఎంచుకున్న క్రియ 'భూల్ జానా'. రెండు భాగాలూ 'నే'ను నిరాకరిస్తాయి. "వహ్ పతా భూల్ గయీ".

నాలుగవది: "షి వెంట్ హోమ్, ఫౌండ్ ది అడ్రస్ అండ్ కాల్డ్ హర్ సిస్టర్." ఆంగ్లంలో మూడు సమాపక క్రియలున్నాయి. మొదటిదాన్ని 'జాకర్' చేస్తే అది లెక్కలోంచి తొలగిపోతుంది. "ఉస్‌నే ఘర్ జాకర్ పతా ఢూఁఢా ఔర్ బహన్ కో బులాయా". 'ఢూఁఢా' అన్నది 'పతా'ను అనుసరించిన పుంలింగం. 'బులాయా' అన్నది 'కో' వల్ల నిలిచిపోయిన పుంలింగం. రూపం ఒకటే, కారణాలు వేరు. 'జాకర్'కు బదులు 'గయీ' అని ఉంచదలిస్తే కర్తను రెండుసార్లు చెప్పడం మేలు: "వహ్ ఘర్ గయీ ఔర్ ఉస్‌నే పతా ఢూఁఢా".

అయిదవది: "హర్ సిస్టర్ బ్రాట్ ద స్టాంప్స్." 'లానా' వల్ల 'నే' లేదు. "ఉస్‌కీ బహన్ టికట్ లాయీ".

ఆరవది: "ఎ వీక్ లేటర్ షి గాట్ ఎ రిప్లై." 'మిల్‌నా' వల్ల "ఏక్ హఫ్తే బాద్ ఉసే జవాబ్ మిలా". ఇక్కడ 'ఉస్‌నే' రాయడం ఆంగ్ల కర్తను యథాతథంగా మోసుకురావడమే.

ఆరు వాక్యాల్లో 'నే' వచ్చినవి రెండే. "భూతకాలం, సకర్మకం" అనే సూత్రాన్ని ఆంగ్ల క్రియకు అన్వయించిన విద్యార్థి రెండవ వాక్యం నుండి చివరిదాకా అన్నిటిలోనూ 'నే' చేర్చేవాడు. అయిదింటిలో మూడు తప్పులు చేసేవాడు.

7. పరిమితులు

కొన్ని చోట్ల శిష్టవ్యవహారమే రెండు విధాలుగా ఉంది. 'సమఝ్‌నా' విషయంలో "మైఁ సమ్‌ఝా", "మైఁనే సమ్‌ఝా" రెండూ కనిపిస్తాయి. "వహ్ నహాయా", "ఉస్‌నే నహాయా" కూడా అంతే. 'బోల్‌నా' సాధారణంగా 'నే'ను తీసుకోదు గాని "ఉస్‌నే ఝూఠ్ బోలా" అన్నది వాడుకలో స్థిరపడింది. ఇటువంటి చోట్ల ఒక రూపాన్ని మాత్రమే సరైనదిగా గుర్తించి మార్కులు తగ్గించడం న్యాయం కాదు. ఢిల్లీ ప్రాంతంలో వినిపించే "మైఁనే జానా హై" సంగతి వేరు. అది ప్రాంతీయ వ్యవహారం. లిఖిత అనువాదంలో "ముఝే జానా హై" అన్నదే గ్రాహ్యం.

దక్ఖినీని కూడా ఈ దృష్టితోనే చూడాలి. "మైఁ రోటీ ఖాయా" అన్నది దక్ఖినీలో దోషం కాదు, ఆ పలుకుబడి వ్యాకరణం అది. విద్యార్థి దిద్దుకోవలసింది తన నోటి మాటను కాదు, ప్రామాణిక హిందీలో రాసే వాక్యాన్ని. ఈ భేదం చెప్పకుండా ఎర్రసిరాతో కొట్టివేస్తే అతనికి తప్పు కనిపిస్తుంది గాని దాని కారణం తెలియదు. మరుసటి అభ్యాసంలో భయంతో ప్రతి కర్తకూ 'నే' తగిలిస్తాడు. "ఉస్‌నే గయా", "ఉస్‌నే లాయా" వంటి రూపాలు పుట్టేది ఈ అతిదిద్దుబాటు వల్లనే.

8. ముగింపు

'నే' కర్త పక్కన కనిపించినా దాన్ని నిర్ణయించే అధికారం వాక్యం చివరన ఉన్న క్రియది. ఆంగ్ల వాక్యం కర్తతో మొదలవుతుంది కాబట్టి అనువాదకుడూ కర్తతోనే మొదలుపెడతాడు. అప్పటికి హిందీ క్రియ ఇంకా నిర్ణయం కాలేదు. దోషానికి మూలం ఈ వరుసలో ఉంది. పని ముగిసిందా, అలవాటా, సాగుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. తరువాత హిందీ క్రియను దాని తోడు క్రియతో సహా ఎంచుకోవాలి. అది 'నే'ను అంగీకరిస్తుందో లేదో చూసి, అప్పుడు కర్త రూపాన్ని రాయాలి. చివరగా క్రియ ఎవరిని అనుసరించాలో నిర్ణయించాలి. క్రియను చివరన నిలిపే వాక్యం తెలుగు విద్యార్థికి కొత్తది కాదు. "రాసింది", "రాసేది" అనే భేదం, "నాకు అందింది" అనే నిర్మాణం, "వచ్చి తింది" అనే అసమాపక క్రియ అతని మాతృభాషలోనే ఉన్నాయి. పాఠ్యబోధన ఆంగ్లకాలాల పట్టికకు బదులు వీటి మీద ఆధారపడితే అతనికి నిజంగా కొత్తగా మిగిలేది అన్వయం ఒక్కటే. బోధన సమయంలో ఎక్కువ భాగం దానికే దక్కాలి.